పాత తోలు చెప్పులు కొల్హాపురివా, మన దగ్గర కుట్టినవా? చెవి, అట్ట, కుట్టు చూసి గుర్తుపట్టడం ఎలా

"అన్నా, ఇవి కొల్హాపురి చెప్పులేనా?" 2025 జూన్‌లో ఇటలీ కంపెనీ ప్రాడా మిలాన్ ఫ్యాషన్ షోలో కొల్హాపురిలాంటి చెప్పులు చూపించి, మొదట ఆ పేరే ఎత్తకుండా, విమర్శలు వచ్చాక ఒప్పుకుంది. ఆ వార్త వచ్చినప్పటి నుంచి ఈ ప్రశ్న నాకు వారానికి రెండు మూడు సార్లు ఎదురవుతోంది. అటక మీది తాత చెప్పులు, కురుమూర్తి జాతరలో కొన్న జత, నారాయణపేట సంతలో బేరమాడి తెచ్చిన జత, అన్నీ ఫొటోలుగా వస్తున్నాయి. ఫొటో ఎప్పుడూ పైనుంచే తీస్తారు. పైనుంచి కనిపించేది పట్టీ ఒక్కటే. పట్టీ చూసి నేను జవాబు చెప్పలేను, ఎవరూ చెప్పలేరు.

మా నాన్న దేవరకొండ దగ్గర పల్లెలో చెప్పులు కుట్టేవాడు. నేను నల్లగొండలో రిపేరు కొట్టు నడుపుతున్నాను. విప్పి మళ్లీ కుట్టిన చెప్పుల వల్ల నాకు తెలిసింది ఇది: పట్టీని ఎవరైనా, ఎక్కడైనా చూసి దించేయొచ్చు. కానీ ఆ పట్టీ అట్టలోకి ఎలా దిగింది, అట్టను దేనితో కుట్టారు అన్నవి చెయ్యి నేర్చుకున్న పద్ధతిని బట్టి వస్తాయి, వాటిని దించడం కష్టం. అందుకే కింద చెప్పే వరుసలో పట్టీ చివరికి వస్తుంది. చాలామంది పట్టీతోనే మొదలుపెడతారు, అక్కడే తప్పుతారు.

కావలసినవి

- పగటి వెలుతురు. ట్యూబ్‌లైట్ కింద తోలు రంగు మోసం చేస్తుంది.
- చిన్న అయస్కాంతం. పాడైన స్పీకర్‌లోది చాలు.
- మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు.
- పాత విజిటింగ్ కార్డు ఒకటి.
- మెత్తటి బ్రష్షు. పాత టూత్‌బ్రష్షు సరిపోతుంది.
- ఫోన్ కెమెరా. దగ్గరగా తీసి, పెద్దది చేసి చూడడానికి.

ఆరె, కత్తి లాంటివి ముట్టుకోవద్దు. గుర్తుపట్టడానికి చెప్పును విప్పాల్సిన పని లేదు.

నాలుగు పేర్లు తెలిస్తే చాలు

కాలి కింద ఉండేది అట్ట. చేతిపని చెప్పుల్లో అది ఒకే ముక్క కాదు, రెండు మూడు పొరలు. బొటనవేలు దూరే కట్టు ఉంగటం. పాదం మీద అడ్డంగా వచ్చే పట్టీని పట్టుకోవడానికి అట్ట పక్కల నుంచి రెండు వైపులా లేచే తోలు ముక్కలు చెవులు. మరాఠీలో కూడా వాటిని కాన్ అంటారు, అంటే చెవే. కుట్టడానికి వాడే సన్నటి తోలు పేలికను మేము వారు అంటాం.

1. దుమ్ము దులపండి, తడపొద్దు

బ్రష్షుతో అట్ట అంచు చుట్టూ, చెవుల మొదట్లో, అడుగున కుట్టు గాడిలో పేరుకున్న మట్టి తీసేయండి. నీళ్లు, సబ్బు, షూ పాలిష్, నూనె ఏవీ పెట్టొద్దు. తంగేడు చెక్కతోనో తుమ్మ చెక్కతోనో పదును చేసిన తోలు నీళ్లు పడగానే నల్లబడుతుంది, ఆరాక మచ్చ మిగులుతుంది. నూనె రాస్తే మీరు చూడాల్సిన అంచు రంగే మారిపోతుంది. నెలల క్రితమే కొబ్బరినూనె రాసేశాం అంటే ఇక రంగును లెక్కలోకి తీసుకోకండి, మిగతా గుర్తులతోనే నడవండి.

తోలు మరీ ఎండి బిరుసుగా ఉంటే పట్టీని వంచొద్దు. అటక మీద ఇరవై ఏళ్లున్న చెవి ఒక్క వంపుకే పటుక్కున విరుగుతుంది. విరిగాక దాన్ని అతికించడం నా వల్ల కూడా కాదు.

2. అయస్కాంతంతో రిపేర్లు వేరు చేయండి

అట్ట అడుగున మడమ నుంచి వేళ్ల దాకా అయస్కాంతాన్ని మెల్లగా నడపండి. ఎక్కడ లాగితే అక్కడ ఇనుప మేకు ఉన్నట్టు. సంప్రదాయ పద్ధతిలో చేసిన కొల్హాపురిలో మేకు ఉండదు, అంతా కుట్టే. కాబట్టి మేకు తగలగానే "కొల్హాపురి కాదు" అనాలనిపిస్తుంది. ఆగండి.

పాత చెప్పు దాదాపు ఎప్పుడూ రిపేరు అయ్యే ఉంటుంది. మడమ అరిగితే మా కొట్టుకు తెస్తారు, మేము టైరు ముక్కో కొత్త తోలో పెట్టి నాలుగు మేకులు కొడతాం. మేకులు మడమ దగ్గర, బొటనవేలి కింద మాత్రమే ఉండి, వాటి కింద ఉన్న ముక్క పైపొరల కంటే కొత్తగా కనిపిస్తే అది రిపేరు. దాన్ని లెక్కలోంచి తీసేయండి. మేకులు అట్ట చుట్టూ ఒక వరుసలో ఉండి, ఆ మేకులే పొరల్ని పట్టుకుని ఉన్నాయనుకోండి. అప్పుడు అది మొదటి నుంచీ మేకుల చెప్పే.

టైరు అట్ట విషయంలోనూ ఇంతే. అడుగున టైరు ఉంటే దాని పైపొర చూడండి. టైరుకీ కాలికీ మధ్య కుట్టు ఉన్న తోలు అట్ట పూర్తిగా ఉంటే, టైరు తర్వాత వచ్చింది. కాలి కింద ఒక పల్చటి పొర, దాని కిందే నేరుగా టైరు ఉంటే అది టైరు చెప్పుగానే పుట్టింది.

ఈ మెట్టు దాటాక మీ చేతిలో ఉండాల్సింది ఒక లెక్క: ఏ భాగాలు అసలువి, ఏవి తర్వాత వేసినవి. ఇక ముందు అసలు భాగాల్నే చూడాలి.

3. అట్ట అంచు చదవండి

చెప్పును కంటి ఎత్తులో పక్కనుంచి పట్టుకోండి. మడమ వైపు అంచు ఫొటో తీసి పెద్దది చేయండి. పొరలు లెక్కపెట్టండి.

నిజమైన తోలు పొర అంచులో సన్నటి పీచు కనిపిస్తుంది, కొబ్బరి పీచును నలిపినట్టు. రెగ్జిన్ అయితే పైన ప్లాస్టిక్ పొర, కింద గుడ్డ అల్లిక తెలుస్తుంది. నొక్కిన కాగితపు అట్ట అయితే పీచు లేకుండా పొడిపొడిగా రాలుతుంది. ఈ రెండింట్లో ఏది కనిపించినా సంప్రదాయ చేతిపని ప్రశ్న అక్కడితో అయిపోయింది.

తోలే అయితే అంచు మధ్య భాగం రంగు చూడండి. చెట్టు చెక్కతో పదును చేసిన తోలు పైనుంచి కిందిదాకా గోధుమ రంగులోనే ఉంటుంది. క్రోమ్ మందుతో పదును చేసిన తోలుకు రంగు పైపైనే ఉండి, మధ్యలో నీలం కలిసిన బూడిద రంగు గీత కనిపిస్తుంటుంది. కొల్హాపురి తోలుకు తుమ్మ చెక్క, కరక్కాయ వాడతారు. మన పల్లెల్లో లందలో, అంటే తోలు నానబెట్టే తొట్టిలో, తంగేడు చెక్క ఎక్కువ పడేది. తంగేడు తోలు మొదట లేత రంగులో ఉండి, ఎండ తగిలే కొద్దీ ఎర్రబారుతుంది. అందుకే పట్టీ కింద దాగిన చోట లేతగా, బయట ఎర్రగా ఉన్న పాత జత కనిపిస్తే నేను తంగేడును అనుమానిస్తాను. అనుమానమే, తీర్పు కాదు. పదేళ్ల చెమట, నూనె, దుమ్ము కలిస్తే తుమ్మ తోలూ తంగేడు తోలూ ఒకేలా కనిపిస్తాయి.

తోలును కాల్చి బూడిద రంగు చూడమని కొందరు చెబుతారు. ఆ పని చేయొద్దు. క్రోమ్ తోలు కాలితే వచ్చే పొగ, బూడిద ఒంటికి మంచివి కావు, పైగా ఇంట్లో మిగిలింది ఒక్క జతే అయితే అది తగ్గిపోతుంది.

4. చెవి ఎక్కడ పుట్టిందో చూడండి

మొత్తంలో ఇదే ముఖ్యం. తొందర పడకండి.

చెప్పును ఒడిలో పెట్టుకుని, పాదం మీది పట్టీ అట్టను కలిసే చోట ఒక్క పక్కనే చూడండి. మూడు రకాల్లో ఒకటి కనిపిస్తుంది.

మొదటిది కొల్హాపురి పద్ధతి. చెవి విడి ముక్క. కొంచెం మెత్తటి తోలుతో కోసి, పై అట్టకూ కింది అట్టకూ మధ్య శాండ్‌విచ్‌లా పెట్టి, అట్ట కుట్టుతోనే దాన్నీ కలిపి కుట్టేస్తారు. చెవి అట్ట అంచు నుంచి బయటికి వచ్చి పైకి లేస్తుంది. పాదం మీది పట్టీ ఆ చెవికి అట్ట పైన, గాలిలో అతుకుతుంది. అంటే మీకు రెండు కలయికలు కనిపించాలి: అట్టలో చెవి, చెవికి పట్టీ. పట్టీ, చెవి ఒకే ముక్క కావు. బరువైన మగవాళ్ల జతల్లో చెవులు పెద్దగా, పక్కకు విచ్చుకున్నట్టు ఉంటాయి. ఆడవాళ్ల పల్చటి జతల్లో వేలి గోరంతే ఉండొచ్చు. ఎంత చిన్నదైనా విడి ముక్కే.

రెండోది మా ఇంటి పద్ధతి. నాన్న చెవి పెట్టేవాడు కాదు. పై అట్టకు అంచు నుంచి కొంచెం లోపలగా ఉలితో గాటు పెట్టి, పట్టీ కొసను ఆ గాటులోంచి కిందికి దించి, లోపల రెండుగా చీల్చి పరిచి, దాని మీద కింది అట్ట వేసి కుట్టేవాడు. ఈ రకంలో అట్ట అంచు నుంచి ఏమీ బయటికి రాదు. పట్టీ అట్ట పైముఖంలోంచి మొక్క మొలిచినట్టు లేస్తుంది, దాని మొదట్లో గాటు కనిపిస్తుంది. పల్లె పల్లెకూ చెయ్యి మారుతుంది కాబట్టి దక్షిణ తెలంగాణ అంతా ఇలాగే కుట్టారని నేను అనను. కానీ మా చుట్టుపక్కల నుంచి నా కొట్టుకు వచ్చిన పొలం చెప్పుల్లో ఎక్కువగా చూసింది ఇదే.

మూడోది ఫ్యాక్టరీ పని. పట్టీ కొస నేరుగా పొరల మధ్య జిగురుతో అతికించి ఉంటుంది. చెవి ఉన్నట్టు కనిపించినా అది పట్టీకే ఇచ్చిన ఆకారం, విడి ముక్క కాదు. కలిసే చోట పసుపుపచ్చటి జిగురు గీత మెరుస్తుంది.

సందేహం ఉంటే విజిటింగ్ కార్డు వాడండి. పై అట్ట, కింది అట్ట మధ్య అంచు సందులో కార్డు మూలను పెట్టి, నెట్టకుండా, అంచు వెంట జరపండి. కొల్హాపురిలో కార్డు చెవి దగ్గరికి రాగానే ఆగుతుంది, చెవి వెడల్పు దాటాక మళ్లీ కదులుతుంది. గాటు పద్ధతిలో అంచు దగ్గర అడ్డేమీ ఉండదు, కార్డు ఆగకుండా పోతుంది. అంచంతా జిగురు ఉంటే కార్డు ఎక్కడా దూరదు. కార్డు దూరట్లేదని గోటితో పొరలు విడదీయకండి. దూరకపోవడం కూడా ఒక గుర్తే.

5. కుట్టు లెక్కపెట్టండి

అట్ట చుట్టూ ఉన్న కుట్టును మూడు ప్రశ్నలతో చూడాలి.

దేనితో కుట్టారు? తోలు వారు చదునుగా ఉంటుంది, వెడల్పు రెండు మూడు మిల్లీమీటర్లు, రంగు అట్ట రంగుకు దగ్గరగా. దాని రంధ్రం గుండ్రంగా కాక చీలికలా ఉంటుంది. మైనం పట్టించిన నూలు దారం గుండ్రంగా, మసకగా కనిపిస్తుంది. నైలాన్ దారం పాతబడినా మెరుస్తుంది. పాత కొల్హాపురి అట్టను తోలు వారుతోనే కుట్టేవారు. ఇప్పటి జతల్లో దారం కూడా కనిపిస్తుంది, కాబట్టి దారం ఉన్నంత మాత్రాన నకిలీ అనొద్దు.

చేత్తోనా, మిషన్‌తోనా? స్కేలు పెట్టి 5 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లున్నాయో మూడు చోట్ల లెక్కపెట్టండి: మడమ వెనుక, పక్కన, వేళ్ల ముందు. మూడు చోట్లా ఒకే అంకె, ఒకే పొడవు వస్తే మిషన్. చేతి కుట్టు మడమ ఒంపు దగ్గర దగ్గర పడుతుంది, పక్కన తిన్నగా ఉన్నచోట కొంచెం సాగుతుంది. ఎంత పనితనమున్న చెయ్యి అయినా ఒకటి రెండు కుట్లు తేడా వస్తుంది. ఒక్క చోటే లెక్కపెట్టి తీర్పు ఇవ్వొద్దు. నాన్న కుట్టు తిన్నటి భాగంలో మిషన్‌కు తీసిపోయేది కాదు.

కుట్టు నిజంగా పని చేస్తోందా? ఇది చాలామంది చూడరు. చెప్పు తిరగేసి, పైన కనిపించే కుట్టు అడుగున కూడా ఉందా చూడండి. పైన కుట్టు ఉండి అడుగున నున్నగా ఉంటే రెండు అవకాశాలున్నాయి. అడుగున తర్వాత ఇంకో పొర వేసి ఉండాలి, ఆ సంగతి రెండో మెట్టులోనే తెలిసి ఉంటుంది. లేదా పై పొరకు మాత్రమే అలంకారంగా కుట్టి, అట్టను జిగురుతో అతికించి ఉండాలి. ఈ రెండోది సంతల్లో చాలా ఎక్కువ.

6. ఇప్పుడు పట్టీ చూడండి

ఇక్కడికి వచ్చేసరికి మీకు జవాబు చాలావరకు తెలిసిపోతుంది, పట్టీ దాన్ని బలపరచడానికే.

కొల్హాపురిలో పాదం మీద ఒక వెడల్పాటి అడ్డపట్టీ, బొటనవేలికి ఉంగటం, ఆ రెండింటినీ కలిపే నడిమి పట్టీ ఉంటాయి. పట్టీ మీద సన్నటి తోలు పేలికల జడ అల్లిక ఉంటుంది, దాన్ని మరాఠీలో వేణి అంటారు. కొన్నిటికి చిన్న కుచ్చు ఉంటుంది. జడను దగ్గరగా చూడండి. చేతితో అల్లిన జడలో పేలికల అంచులు కోసిన తోలులా ఉంటాయి, బిగువు అక్కడక్కడా మారుతుంది. అచ్చు వేసిన జడకు పేలికల మధ్య సందు ఉండదు, వెనక్కి తిప్పితే చదునుగా ఉంటుంది.

కాపశి, పుకరి, కచ్‌కడి, బక్కల్‌నాళి లాంటి పేర్లు కూడా వింటారు. ఇవి కొల్హాపురిలోనే పాత రకాల పేర్లు, ఊళ్లను బట్టి వచ్చినవి. కొల్హాపురి అని చెప్పగలిగాక ఆ లోపలి పేరు చెప్పాలంటే కొన్నచోటు తెలియాలి. ఒక్క పట్టీ చూసి "ఇది కాపశి" అని చెప్పేవాళ్లను నమ్మి ఎక్కువ డబ్బు పెట్టకండి.

మన వైపు పొలం చెప్పులకు అలంకారం తక్కువ. మందపాటి ఉంగటం, ఒకటి రెండు అడ్డపట్టీలు, కొన్నిటికి మడమ వెనక కట్టుకునే వారు. తుమ్మ ముళ్లు దిగకుండా గేదె తోలు పొరలు మందంగా వేస్తారు. రెండు వెడల్పాటి పట్టీలు పాదం మీద కత్తెరలా దాటి, మడమ వెనక బకిలు ఉంటే అది పెషావరి రకం. ఉంగటం ఉండదు కాబట్టి దాన్ని వేరు చేయడం తేలిక. ముందు భాగం పూర్తిగా మూసి ఉన్న రాజస్థానీ మోజ్డీలు, ముచ్చెలు ఈ లెక్కలోకే రావు.

ఒక జతతో చేసి చూద్దాం

గత కార్తీకంలో దేవరకొండ వైపు నుంచి ఒక అక్క ఒక జత తెచ్చింది. సంచిలోంచి తీస్తూనే చెప్పింది, "తమ్ముడూ, మా తాతవి. కొల్హాపూర్‌ నుంచి తెప్పించుకున్నాడంట. అమ్మేది లేదు, పేరు రాసి అద్దాల పెట్టెలో పెట్టుకుంటం." పైనుంచి చూస్తే ఆమె మాట నిజమే అనిపించింది. అడ్డపట్టీ మీద ఎర్రటి జడ, ఉంగటం, పక్కల కుచ్చు గుర్తులు.

అయస్కాంతం పెడితే మడమ కింద ఐదు చోట్ల లాగింది. టైరు ముక్క, తర్వాత కొట్టిందే. దాన్ని పక్కన పెట్టాం. పక్కనుంచి చూస్తే మూడు తోలు పొరలు, మడమ దగ్గర మొత్తం 16 మిల్లీమీటర్లు, టైరు కాకుండా. అంచు మధ్యలో ఎక్కడా బూడిద గీత లేదు. పట్టీ కింద దాగిన చోట తోలు లేతగా ఉంది.

చెవి కోసం చూశాను. అంచు నుంచి బయటికి వచ్చింది ఏమీ లేదు. కార్డు రెండు పక్కలా ఆగకుండా జరిగింది. పట్టీ మొదట్లో మట్టి బ్రష్షుతో తీస్తే, అట్ట పైముఖంలో అంచుకు లోపలగా ఉలి గాటు తేలింది. అట్ట కుట్టు తోలు వారు. 5 సెంటీమీటర్లకు మడమ వెనక 8, పక్కన 6, ముందు 7. చేతి పనే, అడుగున కూడా వారు ఉంది, టైరు కిందికి వెళ్లినచోట మాత్రం కనిపించదు.

మరి జడ? ఫోన్‌లో పెద్దది చేసి చూస్తే జడను అడ్డపట్టీకి కుట్టిన దారం తెలిసింది. మెరుస్తున్న నైలాన్. జడ కింద పట్టీ మీద పాత కుట్టు రంధ్రాలు వేరే వరుసలో ఉన్నాయి. అంటే పట్టీ మీద మొదట వేరే కుట్టేదో ఉంది, అది పోయాక జడను తర్వాత తెచ్చి కుట్టారు. అక్కను అడిగితే కాసేపు ఆలోచించి, "పెండ్లప్పుడు కొత్తగ కనిపించాలని తాత ఏదో కుట్టించిండని అమ్మ అనేది" అంది.

అట్ట, గాటు, వారు అన్నీ మన వైపు చేతి పద్ధతికి సరిపోతున్నాయి, కొల్హాపురికి ఒక్క జడే సరిపోతోంది, అదీ తర్వాత వచ్చింది. కొల్హాపురి కావని చెబితే అక్క ముఖం చిన్నబోయింది. నాకైతే ఆ జత కొల్హాపురి కంటే ఎక్కువ విలువైనదిగా కనిపించింది. కొల్హాపురి ఇప్పటికీ చేస్తున్నారు, కొనుక్కోవచ్చు. ఆ 16 మిల్లీమీటర్ల పొలం చెప్పు కుట్టే చేతులు మా వైపు ఎన్నో మిగల్లేదు.

తరచుగా జరిగే పొరపాట్లు

*కిర్రుమంటోంది కాబట్టి మన కిర్రు చెప్పులే అనుకోవడం.* కిర్రు అనేది శబ్దానికి వచ్చిన పేరు. బిరుసు తోలు పొరలు అడుగు పడినప్పుడు ఒకదానికొకటి రాసుకుంటే ఆ శబ్దం వస్తుంది. కొల్హాపూర్ వైపు కూడా కరకరమనే చెప్పులంటే మోజు, శబ్దం రావాలని కావాలనే చేస్తారు. నూనె తాగిన చెప్పు ఏ ఊరిదైనా కిర్రుమనదు. శబ్దాన్ని గుర్తుగా తీసుకోవద్దు.

*ఒక్క కాలి చెప్పే చూడడం.* రెండూ చూడాలి. ఒక చెప్పుకు చెవి తెగి వేరే చోట వేయించి ఉండొచ్చు. రెండింట్లో ఒకేలా ఉన్నదాన్ని అసలుది అనుకోండి, తేడా ఉన్నచోట రిపేరు వెతకండి. నాకు తెలిసిన అన్ని చిట్కాల్లో పాత జతలకు ఇదే ఎక్కువ పనికొచ్చింది.

*"జీఐ ఉంది" అన్న మాటతో సరిపెట్టుకోవడం.* కొల్హాపురి చెప్పులకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది మహారాష్ట్రలో కొల్హాపూర్, సాంగ్లీ, సతారా, సోలాపూర్, కర్ణాటకలో బెళగావి, బాగల్‌కోట్, ధారవాడ, విజయపుర, ఈ ఎనిమిది జిల్లాలకే. కాబట్టి కర్ణాటకలోని అథణిలో చేసిన జత కూడా కొల్హాపురే, నకిలీ కాదు. అదే పద్ధతిలో, అదే చెవితో ఇంకో జిల్లాలో చేస్తే పని బాగుండొచ్చు కానీ ఆ పేరుతో అమ్మకూడదు. చెవి, కుట్టు చూసి మీరు చెప్పగలిగేది "కొల్హాపురి పద్ధతి" అని మాత్రమే. ఏ జిల్లాలో చేశారన్నది చెప్పు చెప్పదు, కొన్న కాగితం చెప్పాలి. 2019కి ముందటి జతకు అలాంటి కాగితం అడగడం కూడా అర్థం లేని పని.

*తోలు వాసన నమ్మడం.* కొత్త జతకు వాసన పూస్తున్నారు. పాత జతకు అటక వాసనే వస్తుంది.

జవాబు సరైనదేనా, ఎలా తెలుసుకోవాలి

అట్ట, చెవి, కుట్టు మూడూ ఒకే వైపు చెబితే నమ్మకంగా పేరు పెట్టండి. రెండు ఒక వైపు, ఒకటి ఇంకో వైపు ఉంటే ఆ ఒక్కటి రిపేరేమో చూడండి. రిపేరు గుర్తులు, అంటే వేరే దారం, పాత రంధ్రాలు, కొత్త తోలు కనిపిస్తే మొదటి రెండింటి మాటే తీసుకోండి. రిపేరు కూడా కాకపోతే "కలగలుపు" అని రాసుకుని వదిలేయండి. కుట్టేవాడు రెండు చోట్ల పని నేర్చుకుని ఉండొచ్చు. నారాయణపేట, మక్తల్ లాంటి సరిహద్దు ఊళ్లలో కర్ణాటక పని మన పనీ కలవడం సహజం.

చివరగా ఇంకొకరితో చూపించుకోండి, కానీ మీ జవాబు ముందే చెప్పకండి. "ఇది కొల్హాపురే కదా?" అని అడిగితే చాలామంది మొహమాటానికి అవుననేస్తారు. మీ ఊళ్లో అరవై దాటిన, చెప్పులు కుట్టిన పెద్దమనిషి ఉంటే ఆయన చేతికి ఇచ్చి ఊరుకోండి. ఆయన పట్టీ చూడడు. తిరగేసి అడుగు చూస్తాడు, పక్కన బొటనవేలితో నొక్కుతాడు, అప్పుడు మాట్లాడతాడు. కురుమూర్తి స్వామికి ఏటా తోలుతో ఉద్దాలు, అంటే స్వామి పాదరక్షలు, తయారయ్యే వడ్డెమాను వైపు వెళ్లగలిగితే, ఆ పని తెలిసిన ఇళ్లల్లో అడగండి.

పెట్టెలో పెట్టే చీటీ మీద ఊరి పేరు ఒక్కటే రాయకండి. చూసింది రాయండి. ఆ అక్క జతకు నేను రాసిచ్చిన చీటీ ఇది:

"తోలు పొలం చెప్పులు, మగవారివి. దేవరకొండ ప్రాంతపు చేతి పద్ధతి. మూడు పొరల అట్ట, 16 మి.మీ. చెవులు లేవు, పట్టీ ఉలి గాటులోంచి దిగింది. అట్ట కుట్టు తోలు వారు. అడ్డపట్టీ మీది జడ, మడమ టైరు తర్వాత వేసినవి."

అక్క దాన్ని చదివి, కింద తన చేత్తో తాత పేరు రాసుకుంది.